టాక్స్ కోసం డబ్బు లాక్ చేసే ముందు: కొత్త ఉద్యోగులు 80సీ పెట్టుబడి ఎలా ఎంచుకోవాలి

నేను ఒక ప్రైవేటు కంపెనీలో పేరోల్ పని చూస్తాను. ఏటా జనవరిలో ఉద్యోగులంతా టాక్స్ ప్రూఫ్‌లు తెచ్చిస్తారు. ఈ జనవరిలో ఒకబ్బాయి లక్షన్నర రూపాయల టాక్స్ సేవింగ్ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు తెచ్చాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. జీతం ఏడాదికి 11 లక్షలు. పక్క సీటు సీనియర్ చెప్పాడని ఏప్రిల్‌లోనే వేశాడట. నవంబరులో వాళ్ల నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది. డిపాజిట్ తీసుకుందామని బ్యాంకుకు వెళ్తే, అయిదేళ్లు నిండేదాకా పైసా రాదన్నారు. దాని మీద లోన్ అయినా ఇస్తారా అంటే అదీ కుదరదన్నారు. చివరికి పర్సనల్ లోన్ తీసుకున్నాడు.

రసీదు పక్కన పెట్టి అతని లెక్క వేసి చూశాను. కొత్త టాక్స్ విధానంలో అతను కట్టాల్సిన పన్ను సున్నా. ఆ లక్షన్నర అసలు లాక్ చేయనక్కర్లేదు. ఆ రసీదు చూపించి పాత విధానంలోకి వెళ్తే, వేరే మినహాయింపులేమీ లేవు కాబట్టి, 96,200 రూపాయల పన్ను పడుతుంది.

అందుకే ఏ పథకం మంచిదన్న ప్రశ్నను కాసేపు ఆపుదాం. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. వరసగా చేస్తే ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. పే స్లిప్, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మొదటి అడుగు: మీకు ఈ మినహాయింపు అవసరమా?

ఇప్పుడు రెండు పన్ను విధానాలున్నాయి. ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ సెక్షన్ కింద, కొన్ని పొదుపులకు, ఖర్చులకు ఆదాయంలోంచి లక్షన్నర వరకు మినహాయింపు దొరికేది పాత విధానంలో మాత్రమే. మీరు ఏమీ చెప్పకపోతే కంపెనీ మిమ్మల్ని కొత్త విధానంలోనే లెక్కేసి పన్ను కోస్తుంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను ఉండదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కనుక, జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు 12,75,000 దాకా పన్ను సున్నా. మీ జీతం అంతకు లోపే ఉంటే, టాక్స్ పేరు చెప్పి ఎవరు ఏది అమ్మబోయినా మీకు మిగిలే పన్ను ఏమీ లేదు. పొదుపు చేయండి, తప్పకుండా చేయండి. కాకపోతే పన్ను కోసం తాళం వేయాల్సిన పని లేదు. రేపు కావాలంటే తీసుకోగలిగేచోట పెట్టుకోవచ్చు.

జీతం అంతకంటే ఎక్కువైతే రెండు విధానాల్లోనూ లెక్క వేయాలి. incometax.gov.in లో లాగిన్ కాకుండానే వాడుకునే టాక్స్ కాలిక్యులేటర్ ఉంది. అందులో రెండూ పక్కపక్కన చూపిస్తుంది. సాధారణంగా పాత విధానం గెలిచేది ఇంటద్దె మీద వచ్చే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పెద్దగా ఉన్నప్పుడు, లేదా హోమ్ లోన్ వడ్డీ ఉన్నప్పుడు. ఇవి రెండూ లేనివాళ్లు ఒక్క 80సీ నింపినంత మాత్రాన పాత విధానం లాభించడం చాలా అరుదు.

ఒక నిజమైన లెక్క చూద్దాం. మా పిన్ని కొడుకు 2025 ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు, "అన్నా, నాకేది మంచిదో చెప్పు" అని పే స్లిప్ చేతిలో పెట్టాడు. ఏడాదికి జీతం 15 లక్షలు, అందులో బేసిక్ 7.5 లక్షలు. హైదరాబాద్‌లో నెలకు 30,000 అద్దె. ఊళ్లో అమ్మానాన్నలుంటున్న ఇల్లు వీడి పేరు మీదే కట్టారు, దాని మీద హోమ్ లోన్ నడుస్తోంది. ఆ ఏడాది లోన్ వడ్డీ రెండు లక్షలు దాటుతుంది, అసలు కింద 50,000 దాకా జమవుతుంది.

కొత్త విధానంలో 75,000 తీసేస్తే ఆదాయం 14,25,000. పన్ను, సెస్ కలిపి 97,500.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000. హెచ్‌ఆర్‌ఏ కింద 2,85,000 పోతుంది. ఏడాది అద్దె 3,60,000లో బేసిక్‌లో పదో వంతు 75,000 తీసేయగా మిగిలింది అది. కంపెనీ ఇచ్చే హెచ్‌ఆర్‌ఏ అంతకంటే ఎక్కువే, మూడు లక్షలు, కాబట్టి ఇబ్బంది లేదు. హోమ్ లోన్ వడ్డీ ఎంత కట్టినా మినహాయింపు రెండు లక్షల వరకే. ఇవన్నీ పోగా 9,65,000 మిగిలింది. ఇంకా 80సీ ముట్టుకోలేదు.

రెండో అడుగు: లక్షన్నరలో ఇప్పటికే ఎంత నిండింది?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. లక్షన్నర అనగానే లక్షన్నర పెట్టుబడి పెట్టాలనుకుంటారు. నిజానికి మీ జీతంలోంచి ప్రతి నెలా కోసే పీఎఫ్ 80సీలోకే వస్తుంది. హోమ్ లోన్‌లో అసలు కింద కట్టింది వస్తుంది. పిల్లల స్కూలు ట్యూషన్ ఫీజు వస్తుంది. మీ టర్మ్ ఇన్సూరెన్స్ ప్రీమియం వస్తుంది. ఇవి మీరు ఎలాగూ కట్టేవే. ముందు వీటిని కూడి, మిగిలిన ఖాళీ ఎంతో చూడాలి.

పే స్లిప్‌లో కోతల వైపు పీఎఫ్ అని రాసి ఉన్న అంకె చూడండి. కొన్ని కంపెనీలు మొత్తం బేసిక్ మీద 12 శాతం కోస్తాయి. కొన్ని 15,000 మీద మాత్రమే లెక్కేసి నెలకు 1,800 కోస్తాయి. ఈ తేడా చాలా పెద్దది. 7.5 లక్షల బేసిక్ ఉన్నవాడికి మొదటి పద్ధతిలో ఏడాదికి 90,000 పీఎఫ్ పడుతుంది, రెండో పద్ధతిలో 21,600 మాత్రమే. కంపెనీ తన వాటాగా వేసేది మాత్రం మీ 80సీలోకి రాదు. మీ వాటా, కంపెనీ వాటా రెండూ కలిపి లెక్కేసుకుని మార్చిలో ఇబ్బంది పడ్డవాళ్లను ఏటా చూస్తుంటాను.

మావాడిది నెలకు 1,800 కోసే కంపెనీ. పీఎఫ్ 21,600, లోన్ అసలు 50,000. మొత్తం 71,600. ఖాళీ 78,400. ఈ ఖాళీ నింపకుండా వదిలేస్తే పాత విధానంలో పన్ను 94,827. పూర్తిగా నింపితే 78,520. అంటే 78,400 రూపాయలు లాక్ చేసినందుకు 16,307 రూపాయల పన్ను తగ్గుతుంది. వాడికి ఇది చేయదగ్గ పనే.

మీ లెక్కలో కూడా ఈ రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఎంత లాక్ చేయాలి, దానికి ఎంత పన్ను తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి. తగ్గేదెంతో చూడాల్సింది రెండు విధానాల్లో ఏది తక్కువో దానితో పోల్చి. ఖాళీ నింపని పాత విధానంలో కంటే కొత్త విధానంలోనే పన్ను తక్కువ వస్తుంటే, కొత్తదానితో పోల్చండి. పాతదాంతో పోలిస్తే లాభం లేనిది కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

మూడో అడుగు: ముందు విడి డబ్బు

పథకం ఎంచుకునే ముందు మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడైనా తీసుకోగలిగేలా ఉంచండి. సేవింగ్స్ ఖాతాలో కొంత, మామూలు ఎఫ్‌డీలో కొంత. మామూలు ఎఫ్‌డీని మధ్యలో తెరిస్తే కాస్త వడ్డీ పోతుంది, అంతే. ఆ డబ్బు లేకుండా 80సీ నింపితే పైన చెప్పిన అబ్బాయి పరిస్థితే వస్తుంది. పన్ను మిగిలిందన్న సంతోషం పర్సనల్ లోన్ వడ్డీ కింద పోతుంది. ఆ మాత్రం డబ్బు ఇంకా జమకాకపోతే, ఈ ఏడాది ఖాళీ సగమే నింపండి. ఏమీ కాదు.

నాలుగో అడుగు: తాళం, కిటికీ, ధర పడిపోయే భయం

ఇప్పుడు పథకాలు. వీటిని పోల్చేటప్పుడు అందరూ లాక్-ఇన్ ఎన్నేళ్లో చూస్తారు. ఆ ఒక్క అంకె చూస్తే సరిపోదు. గదికి తాళం ఎన్నేళ్లు అన్నది ఒక ప్రశ్న. మధ్యలో అవసరం పడితే చెయ్యి పెట్టేందుకు కిటికీ ఉందా అన్నది ఇంకో ప్రశ్న. తాళం తీసిన రోజు లోపల డబ్బు పెట్టినంతే ఉంటుందా అన్నది మూడోది.

టాక్స్ సేవింగ్ ఎఫ్‌డీతో మొదలుపెడదాం, అందరికీ తెలిసింది అదే కాబట్టి. తాళం అయిదేళ్లు. కిటికీ లేదు: ముందే తీయడం కుదరదు, తాకట్టు పెట్టి లోన్ తీసుకోవడం కుదరదు. భద్రత బాగుంది. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు అసలు, వడ్డీ కలిపి అయిదు లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటుంది. అసలు లోపం వడ్డీ దగ్గర. ఆ వడ్డీ మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. బ్యాంకు ఏడు శాతం ఇస్తే, 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు సెస్ కూడా పోగా అయిదున్నర శాతమే చేతికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను దీన్ని చివరి స్థానంలో పెడతాను. సులువుగా దొరుకుతుందన్న ఒక్క కారణంతోనే జనం దీనిలోకి వెళ్తారు.

పోస్టాఫీసులో కొనే పొదుపు సర్టిఫికెట్ ఎన్‌ఎస్‌సీకి కూడా తాళం అయిదేళ్లే. కానీ దీనికి చిన్న కిటికీ ఉంది. సర్టిఫికెట్‌ను బ్యాంకులో తాకట్టు పెట్టి లోన్ తీసుకోవచ్చు. 2026 జనవరి-మార్చి మూడు నెలలకు రేటు 7.7 శాతం. కొన్న రోజున ఉన్న రేటే అయిదేళ్లూ ఉంటుంది. పదివేలు పెడితే అయిదేళ్లకు 14,490 వస్తుంది. వడ్డీకి పన్ను ఉంది. కాకపోతే మొదటి నాలుగేళ్ల వడ్డీ చేతికి రాకుండా తిరిగి అందులోనే జమవుతుంది కనుక, ఆ మొత్తాన్ని ఆయా ఏడాది 80సీలో చూపించుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక వదిలేస్తారు.

ఇక పీపీఎఫ్, అంటే ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు ఖాతా. పదిహేనేళ్లు అనగానే ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు భయపడతారు. నిజంగా అది పెద్ద తాళమే. వడ్డీ 7.1 శాతం, ఆ వడ్డీకి గానీ చివర్లో వచ్చే మొత్తానికి గానీ పన్ను లేదు. ప్రభుత్వ హామీ ఉంది. రేటు మాత్రం మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది, మారితే మీ పాత డబ్బుకూ మారిన రేటే వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి మాత్రం 7.1 దగ్గరే ఉంది.

దీని కిటికీ ఎంత ఉంటుందో మావాడి అంకెలతోనే చూడండి. 2025 ఏప్రిల్ మొదటి వారంలో ఖాతా తెరిచి, ఆ 78,400 ఖాళీలో 42,400 ఇందులో వేశాడు. ఏటా ఏప్రిల్‌లో అంతే వేస్తాడనుకుందాం. మూడో ఆర్థిక సంవత్సరం నుంచి ఆరో సంవత్సరం దాకా లోన్ తీసుకోవచ్చు. రెండేళ్ల కిందట ఉన్న నిల్వలో పావు వంతు మాత్రమే ఇస్తారు. 2027-28లో వాడు అడిగితే వచ్చేది 11,350 రూపాయలు. ఆసుపత్రి అవసరానికి ఏ మూలకూ చాలదు. కొంత డబ్బు వెనక్కి తీసుకునే వీలు ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి, అంటే 2031 ఏప్రిల్ నుంచి వస్తుంది. అప్పటికి వాడు వేసింది 2,54,400. తీసుకోగలిగేది సుమారు 73,000. ఎందుకంటే నాలుగేళ్ల కిందటి నిల్వ, నిరుటి నిల్వ, ఈ రెంటిలో తక్కువదానిలో సగమే ఇస్తారు. పీపీఎఫ్‌లో ఏడో ఏడు నుంచి డబ్బు తీసుకోవచ్చని చెప్పేవాళ్లు ఈ రెండో మాట చెప్పరు. అయిదేళ్లు దాటాక ప్రాణాంతక జబ్బు, పైచదువు లాంటి కొన్ని కారణాలకు ఖాతా మూసేయవచ్చు, దానికి ఒక శాతం వడ్డీ తగ్గిస్తారు.

పీపీఎఫ్ తెరిచేవాళ్లు రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. పదిహేనేళ్ల లెక్క ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి మొదలవుతుంది. మార్చి 31కి ముందు అయిదు వందలతో తెరిచినా ఆ ఏడాది కింద లెక్కకొస్తుంది. ఏప్రిల్ 1న తెరిస్తే ఏడాది వెనకబడతారు. రెండోది నెలలో అయిదో తేదీ. అయిదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ కడతారు. ఆరున వేస్తే ఆ నెల వడ్డీ పోతుంది. మార్చి చివరి వారంలో పరుగెత్తి వేసేవాళ్లకు ఆ డబ్బు మీద ఆ ఏడాది అసలు వడ్డీయే ఉండదు.

ఈఎల్‌ఎస్‌ఎస్ మ్యూచువల్ ఫండ్లది పూర్తిగా వేరే స్వభావం. వీటన్నిటిలోకీ తాళం తక్కువ, మూడేళ్లే. తాళం తీశాక ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, రెండు మూడు పని దినాల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది. కానీ డబ్బు షేర్లలో ఉంటుంది. మూడేళ్లు అనేది తాళం గడువు, లాభానికి హామీ కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడమే కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు.

2017 మార్చిలో షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ 9,100 దగ్గర ఉంది. అప్పుడు పెట్టినవాళ్లకు 2020 మార్చిలో తాళం తెరుచుకుంది. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. మూడేళ్లు ఆగి, పెట్టినదానికంటే తక్కువ చూసుకున్నారు. ఆ వారంలోనే అవసరం పడ్డవాళ్లు నష్టానికి అమ్ముకున్నారు. ఇంకో ఏడాది ఆగగలిగినవాళ్లకు 2021 మార్చి చివరికి నిఫ్టీ 14,600 దాటింది. కాబట్టి ఈఎల్‌ఎస్‌ఎస్‌లో పెట్టే డబ్బును మూడేళ్ల డబ్బు అనుకోకండి. అయిదు నుంచి ఏడేళ్ల దాకా ముట్టనక్కర్లేని డబ్బే పెట్టండి.

సిప్‌లో, అంటే నెలనెలా వాయిదాలుగా కట్టేవాళ్లకు ఇంకో సంగతి. ప్రతి వాయిదాకూ విడిగా మూడేళ్ల తాళం ఉంటుంది. 2025 ఏప్రిల్ వాయిదా 2028 ఏప్రిల్‌లో తెరుచుకుంటుంది, 2026 మార్చి వాయిదా 2029 మార్చిలో. మొత్తం చేతికి రావాలంటే మొదటి వాయిదా నుంచి దాదాపు నాలుగేళ్లు. అమ్మినప్పుడు వచ్చిన దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి లక్షా పాతిక వేల దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. కొత్తవాళ్లకు చాలా ఏళ్లపాటు ఈ పన్ను తగలదు.

పీఎఫ్ వాటా పెంచుకునే వీపీఎఫ్ గురించి కూడా హెచ్‌ఆర్‌ను అడగండి. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. మీ వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటనంతవరకు ఆ వడ్డీకి పన్ను లేదు. భద్రతలో పీపీఎఫ్‌కు తీసిపోదు, వడ్డీ ఎక్కువ, ఎక్కడికీ వెళ్లి ఖాతా తెరవక్కర్లేదు. ఇల్లు, వైద్యం లాంటి అవసరాలకు నిబంధనల ప్రకారం కొంత తీసుకోవచ్చు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా మొత్తం తీసేస్తే మాత్రం పన్ను పడుతుంది. ఉద్యోగం మారినప్పుడు పాత పీఎఫ్‌ను కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే ఆ సర్వీసు కలిసే ఉంటుంది. వీపీఎఫ్ మార్పును కొన్ని కంపెనీలు ఏడాది మొదట్లోనే ఒప్పుకుంటాయి, అది కనుక్కోండి.

పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌కు లక్షన్నర పైన ఇంకో 50,000 మినహాయింపు ఉంది కదా అని అడుగుతారు. ఉంది, అదీ పాత విధానంలోనే. ఆ డబ్బు ప్రధానంగా అరవయ్యేళ్ల కోసం, కొంత భాగంతో పెన్షన్ కొనాల్సిందే. పాతికేళ్ల వయసులో మొదటి పొదుపుగా దాన్ని నేను సూచించను. అయితే మీ కంపెనీయే తన వాటాగా ఎన్‌పీఎస్‌లో వేసే పద్ధతి ఉంటే మాత్రం చూడండి. బేసిక్, డీఏ మొత్తంలో 14 శాతం దాకా కొత్త విధానంలో కూడా మినహాయింపు వస్తుంది.

అయిదో అడుగు: ఖాళీని మీ అవసరాల తేదీలతో కలిపి నింపడం

కాగితం మీద రాబోయే ఏడేళ్లలో మీకు తెలిసిన పెద్ద ఖర్చులు, వాటి ఏడాదితో సహా రాయండి. మావాడు రాసింది రెండు. 2028లో చెల్లి పెళ్లికి మూడు లక్షలు, ఆ తరవాత ఎప్పుడో కారు.

పెళ్లి డబ్బును 80సీలో దేనిలోనూ పెట్టొద్దన్నాను. ఎన్‌ఎస్‌సీ, ఎఫ్‌డీ అప్పటికి తెరుచుకోవు. పీపీఎఫ్ ఇచ్చేది చాలదు. ఈఎల్‌ఎస్‌ఎస్ తెరుచుకున్నా ఆ నెలలో మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, పెళ్లి ముహూర్తం మార్కెట్ కోసం ఆగదు. ఆ డబ్బు మామూలు రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లింది. పన్ను లాభం లేకపోయినా సరే.

వాడి కంపెనీలో వీపీఎఫ్ పెంచుకునే వీలు లేదు. మిగిలిన 78,400లో నెలకు 3,000 చొప్పున 36,000 ఈఎల్‌ఎస్‌ఎస్ సిప్‌కు, 42,400 పీపీఎఫ్‌కు వేశాం. ఈఎల్‌ఎస్‌ఎస్ కారు కోసం. మార్కెట్ పడితే కారు ఒక ఏడాది ఆలస్యంగా కొంటాడు, అంతే. పీపీఎఫ్ డబ్బుకు ఏ ఖర్చూ రాయలేదు, అది ఉందని మరిచిపోవాల్సిన డబ్బు. మార్కెట్ సగానికి పడినా నిద్ర చెడని మొత్తం ఎంతో వాడినే అడిగాను, నెలకు 3,000 అన్నది వాడు చెప్పిన అంకె.

మీరు ఎంచుకునేటప్పుడు కూడా ప్రతి వెయ్యికీ ఒక పేరు పెట్టండి. పేరు పెట్టిన ఖర్చు తేదీ మారడానికి వీల్లేనిదైతే ఈఎల్‌ఎస్‌ఎస్ వద్దు. తేదీ ఆరేడేళ్లలోపే అయితే పీపీఎఫ్ వద్దు. సరిగ్గా అయిదేళ్ల తరవాత కచ్చితంగా కావాల్సిన డబ్బుకైతే ఎన్‌ఎస్‌సీ బాగా కుదురుతుంది.

ఆరో అడుగు: తెరవడం, కట్టడం, చూపించడం

పీపీఎఫ్ బ్యాంకు యాప్‌లోనే తెరవొచ్చు, పోస్టాఫీసులోనూ తెరవొచ్చు. ఒకరికి ఒక్క ఖాతానే. ఏడాదికి కనీసం 500 వేయాలి. మరిచిపోతే ఖాతా ఆగిపోతుంది. తిరిగి నడిపించుకోవాలంటే మానేసిన ప్రతి ఏడాదికీ 500తో పాటు 50 రూపాయల రుసుము కట్టాలి. నామినీ పేరు అప్పుడే రాయండి.

ఈఎల్‌ఎస్‌ఎస్ కొనేటప్పుడు డైరెక్ట్ ప్లాన్, గ్రోత్ ఆప్షన్ ఎంచుకోండి. రెగ్యులర్ ప్లాన్‌లో డిస్ట్రిబ్యూటర్ కమిషన్ మీ ఫండ్‌లోంచే ఏటా పోతుంది. ఒక ఫండ్ చాలు. ఏటా ఒక కొత్త ఫండ్ కొంటూ పోతే అయిదేళ్లకు అయిదు ఫండ్లు, అరవై తాళాలు అవుతాయి, ఏది ఎప్పుడు తెరుచుకుంటుందో మీకే తెలియదు. మార్చి 31న ఆఖరి నిమిషంలో కట్టడం కూడా ప్రమాదమే. డబ్బు ఫండ్ ఖాతాకు చేరి యూనిట్లు కేటాయించిన తేదీ లెక్కకొస్తుంది గానీ మీరు బటన్ నొక్కిన తేదీ కాదు. కనీసం వారం ముందు ముగించండి.

ఫిబ్రవరి, మార్చిల్లో మీకు బాగా తెలిసినవాళ్లే ఇన్సూరెన్స్ పాలసీ పట్టుకొస్తారు. చుట్టాలు, నాన్న స్నేహితులు, కాదనలేనివాళ్లు. "టాక్స్ కూడా కలిసొస్తుంది బాబూ" అంటారు. వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "రెండు ప్రీమియంలు కట్టి ఆపేస్తే నా చేతికి ఎంతొస్తుంది బాబాయ్? కాగితం మీద రాసివ్వండి." ఎండోమెంట్, మనీ బ్యాక్ పాలసీల్లో ఆ అంకె కట్టినదానికంటే చాలా తక్కువ ఉంటుంది. పైగా రెండేళ్ల ప్రీమియం పూర్తిగా కట్టకముందే ఆపేస్తే, ముందు తీసుకున్న మినహాయింపు కూడా తిరిగి మీ ఆదాయంలో కలుస్తుంది. ఒక ఏడాది పన్ను కోసం పదిహేను, ఇరవయ్యేళ్ల ప్రీమియం నెత్తిన పెట్టుకున్నట్టు. ఇన్సూరెన్స్, మార్కెట్ పెట్టుబడి కలిపి అమ్మే యూలిప్‌కు తాళం అయిదేళ్లు, మార్కెట్ రిస్కూ మీదే, ఖర్చులూ మీవే. మీ మీద ఆధారపడ్డవాళ్లుంటే టర్మ్ పాలసీ తీసుకోండి, అది పెట్టుబడి కాదు. మొహమాటానికి ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వద్దని రాసిచ్చి తిప్పి పంపవచ్చు. స్వల్ప కోతలు పోగా డబ్బు తిరిగిస్తారు.

కంపెనీ అడిగిన తేదీకి ప్రూఫ్‌లు ఇవ్వలేకపోతే టెన్షన్ పడొద్దు. మార్చి 31లోపు పెట్టుబడి పెట్టి ఉంటే చాలు. మార్చి జీతంలో పన్ను ఎక్కువ కోసినా, రిటర్న్‌లో 80సీ చూపించి రీఫండ్ తెచ్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు రిటర్న్ వేసేటప్పుడు కూడా విధానం మార్చుకోవచ్చు. కంపెనీలో కొత్త విధానం అని చెప్పి ఉన్నా, రిటర్న్‌లో పాతది ఎంచుకోవచ్చు. కాకపోతే గడువు తేదీలోపే వేయాలి. ఆలస్యంగా వేసే రిటర్న్‌లో పాత విధానం దొరకదు, అప్పుడు మీరు లాక్ చేసిన డబ్బుకు ఆ ఏడాది పన్ను లాభం ఏమీ ఉండదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది. ఫారాల్లో సెక్షన్ నంబర్లు వేరేగా కనిపిస్తాయి, కంగారు పడకండి. ఏప్రిల్‌లో కంపెనీ డిక్లరేషన్ అడిగినప్పుడు ఈ లెక్క మళ్లీ మొదటి అడుగు నుంచి వేయండి. జీతం పెరిగి ఉంటుంది, అద్దె మారి ఉంటుంది, లోన్‌లో అసలు వాటా కాస్త పెరిగి ఖాళీ తగ్గి ఉంటుంది. మావాడికి ఈసారి లోన్ అసలు నాలుగైదు వేలు ఎక్కువ జమవుతుంది. అంత మేరకు పీపీఎఫ్‌లో తగ్గించి, ఆ నాలుగైదు వేలు చెల్లి పెళ్లి రికరింగ్ డిపాజిట్‌లో కలపమన్నాను.